వాయిస్‌తో రాసిన పొడవాటి మెయిల్: తప్పులు ఏ వరుసలో దిద్దాలి?

ఫోన్‌లో రెండు లైన్ల మెసేజ్ వాయిస్‌తో కొట్టడం ఈజీ. తప్పు వస్తే కళ్లకు కనిపిస్తుంది, వెంటనే మార్చేస్తాం. కానీ నాలుగైదు వందల పదాల మెయిల్ మొత్తం మాట్లాడి రాస్తే కథ వేరు. పది నిమిషాల్లో మ్యాటర్ అంతా స్క్రీన్ మీదికి వచ్చేస్తుంది. చూడటానికి బాగానే ఉంటుంది, ఎర్ర గీతలు కూడా పెద్దగా కనిపించవు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. వేలితో టైప్ చేసినప్పుడు వచ్చే తప్పు సాధారణంగా అర్థం లేని పదంగా వస్తుంది. మైకు చేసే తప్పు మాత్రం చాలావరకు సరైన స్పెల్లింగ్ ఉన్న పదంగానే వస్తుంది. ఎందుకంటే మైకు తన దగ్గరున్న పదాల్లోంచే ఏదో ఒకటి ఎంచుకుంటుంది. అది మీరు అన్న పదం కాకపోవచ్చు, కానీ పదమే. అందుకే స్పెల్ చెక్‌కి అది దొరకదు.

ఈ ఆర్టికల్‌లో యాప్‌ల పోలిక లేదు. తెలుగులో మాట్లాడి రాసిన ఒక నిజమైన మెయిల్‌ని తీసుకుని, అందులో తప్పులు ఎలా పట్టాలో, ఏ వరుసలో దిద్దాలో చూద్దాం. సెట్టింగ్స్ పేర్లు జీబోర్డ్‌లో కనిపించేవి చెప్తాను, మన దగ్గర ఎక్కువ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది అదే కాబట్టి. జీబోర్డ్‌కి తెలుగు వాయిస్ టైపింగ్ 2017 ఆగస్టులో వచ్చింది. వేరే కీబోర్డు వాడేవాళ్లకి మెనూ పేర్లు మారతాయి, పద్ధతి మారదు.

మన కేసు: అడ్వాన్స్ కోసం రాసిన మెయిల్

మా బాబాయి వాళ్లు హైదరాబాద్‌లో అద్దెకున్న ఫ్లాట్ ఖాళీ చేశారు. ఓనర్ అమెరికాలో ఉంటారు. అక్కడ పగలు ఇక్కడ రాత్రి, ఫోన్లు కలవవు. అందుకని లెక్కలన్నీ మెయిల్‌లోనే. 90 వేల అడ్వాన్స్‌లో ఎంత వెనక్కి వస్తుందన్నది ఈ మెయిల్ మీదే ఆధారపడి ఉంది. బాబాయికి ఫోన్‌లో తెలుగు టైప్ చేయడం బాగా స్లో, అందుకే మైకు నొక్కి మొత్తం చెప్పేశారు. పంపే ముందు "ఒకసారి చూడరా" అని నాకు ఫోన్ ఇచ్చారు. మెయిల్‌లో అసలు విషయం ఉన్న భాగం ఇలా ఉంది. ముందు మీరే ఒకసారి చదివి, ఎన్ని తప్పులు కనిపిస్తాయో లెక్కపెట్టండి:

"నమస్తే అండి మేము ఫ్లాట్ నంబర్ 302 మార్చి 31న ఖాళీ చేశాం 20 రోజుల ముందే మీకు చెప్పాం అడ్వాన్స్ 90 వేలు మీ దగ్గర ఉంది జనవరి 15న నంబర్ వచ్చి సీజర్ చూసి పైపు మార్చాలి అన్నాడు పైపు మార్పించాం మీరు చెప్పినట్టు ఖర్చు మేమే పెట్టుకున్నాం 2వేల 600 అయింది బిల్లు ఫోటో పెడుతున్నాను హాల్లో ఫీలింగ్ మీద మరక మా వల్ల వచ్చింది కాదు పై ఫ్లాట్ నుంచి నీళ్లు కారాయి రంగులకు 15 వేలు పట్టుకుంటామన్నారు దానికి మేము ఒప్పుకున్నాం అగ్రిమెంట్‌లో రంగుల మాట లేదు మార్చి నెల మెయింటెనెన్స్ కట్టాలి రసీదు ఉంది"

చాలామందికి మొదట కనిపించేవి మూడు: నంబర్, సీజర్, ఫీలింగ్. వీటిని చూసి నవ్వుకుని, ప్లంబర్, గీజర్, సీలింగ్ అని మార్చేసి పంపేస్తారు. నిజానికి ఆ మూడూ పెద్ద నష్టం లేని తప్పులు. ఓనర్ చదివినా "ఫోన్‌లో మాట్లాడి రాసుంటారు" అని అర్థం చేసుకుంటారు. డబ్బు పోయే తప్పులు వేరే ఉన్నాయి, అవి చదువుతుంటే చాలా మామూలుగా కనిపిస్తాయి.

తప్పులు రెండు రకాలు, రెండిటికీ కారణం వేరు

మొదటిది వినికిడి తప్పు. మైకు వెనకున్న సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని మాత్రమే చూడదు. ఈ శబ్దానికి దగ్గరగా ఉన్న పదాల్లో, ముందు వెనక పదాలతో కలిపి చూస్తే ఏది ఎక్కువగా వాడతారు అని లెక్క వేసుకుంటుంది. మాట స్పష్టంగా వినబడితే శబ్దం గెలుస్తుంది. ఫ్యాన్ తిరుగుతున్నా, మాట చివర మింగేసినా, వాడుకలో ఎక్కువున్న పదం గెలుస్తుంది. "నంబర్" అన్న మాట "ప్లంబర్" కంటే జనం చాలా ఎక్కువ వాడతారు కాబట్టి అది నెగ్గింది. ఏ కంపెనీ వాయిస్ టైపింగ్ అయినా ఈ లెక్క మీదే నడుస్తుంది.

రెండోది కీబోర్డు తప్పు. ఇది మైకు ఆపాక, మనం చేత్తో దిద్దుతున్నప్పుడు వస్తుంది. పై మెయిల్‌లో చివరన ఉన్న "కట్టాలి" అలా వచ్చిందే. బాబాయి "కట్టాం" అంటే మైకు "కట్టా" అని సగమే రాసింది. అది చూసి ఆయన సరిచేయబోయారు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే లేఅవుట్‌లో kattam అని కొడుతుంటే, మధ్యలోనే పైన సజెషన్ పట్టీలో "కట్టాలి" కనిపించింది, వేలు దాని మీద పడింది. కట్టేసిన మెయింటెనెన్స్ కాస్తా కట్టాల్సిన బాకీ అయిపోయింది.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, రెండో రకం తప్పుని దిద్దడం కంటే రాకుండా ఆపడం సులువు. అందుకే దిద్దుబాటు మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. జీబోర్డ్ సెట్టింగ్స్‌లో Text correction తెరవండి. కొత్త వెర్షన్లలో దాని పేరు Corrections & suggestions. అందులో Auto-correction ఆఫ్ చేయండి. దిద్దడం అయిపోయాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. ఆఫ్ చేయడం ఇష్టం లేకపోతే కనీసం అక్కడే ఉన్న Undo auto-correct on backspace ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది ఆన్‌లో ఉంటే, కీబోర్డు పదాన్ని మార్చేసిన వెంటనే బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కితే మీరు కొట్టిన పదమే తిరిగి వస్తుంది. వెంటనే నొక్కాలి, ఇంకో పదం కొట్టేశాక ఆ చాన్స్ ఉండదు.

ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే లేఅవుట్‌కి ఇంకో సంగతి ఉంది. అక్కడ ఆటోకరెక్ట్ ఆఫ్ చేసినా స్పేస్ కొట్టగానే పట్టీలో మొదటి తెలుగు పదం వచ్చి కూర్చుంటుంది, లేఅవుట్ పనే అది. పైగా దీర్ఘాలు అదే ఊహించుకుంటుంది. కాబట్టి దిద్దేటప్పుడు kattam కాకుండా kattaam అని దీర్ఘం పూర్తిగా కొట్టండి. లేదా ఆ కాసేపు నేరుగా తెలుగు అక్షరాలున్న లేఅవుట్‌కి మారండి. స్లోగా అనిపిస్తుంది, కానీ దిద్దాల్సినవి పది పదాలే కదా.

మైకు నొక్కే ముందు ఒక చీటీ

దిద్దేటప్పుడు మనకున్న పెద్ద సమస్య, స్క్రీన్ మీద ఉన్నది తప్పో ఒప్పో దేనితో పోల్చి చూడాలి? టైప్ చేసిన మెయిల్‌కి మన జ్ఞాపకం సరిపోతుంది. వాయిస్ మెయిల్‌లో ఆ జ్ఞాపకాన్నే స్క్రీన్ మార్చేస్తుంది. "జనవరి 15" అని కళ్ల ముందు కనిపిస్తుంటే, నిజంగానే పదిహేను అనుకున్నామేమో అనిపిస్తుంది.

అందుకే మాట్లాడే ముందే ఒక కాగితం మీద అంకెలు, తేదీలు, పేర్లు మాత్రం రాసుకోవాలి. ఈ మెయిల్‌కి ఆ చీటీలో ఉండాల్సినవి ఇవే: 302, మార్చి 31, నోటీసు 60 రోజులు, అడ్వాన్స్ 90,000, ప్లంబర్ జనవరి 17, పైపు ఖర్చు 2,600, రంగులకు 15,000, మెయింటెనెన్స్ కట్టేశాం. మొత్తం ఎనిమిది. బాబాయి చీటీ రాసుకోలేదు. కానీ బిల్లులు, వాట్సాప్ మెసేజ్‌లు ఉన్నాయి, వాటి నుంచి ఇద్దరం కూర్చుని తయారు చేశాం.

ఇంకో జాగ్రత్త, మెయిల్‌లో To గడి ఖాళీగా ఉంచండి. దిద్దుతూ ఉండగా చేయి తగిలి పంపే బటన్ నొక్కినా మెయిల్ వెళ్లదు. అడ్రస్ చివర్లో, అన్నీ అయ్యాక పెట్టుకోవచ్చు.

మొదటి రౌండ్: వాక్యాలు విడగొట్టడం

ఇంగ్లిష్‌లో డిక్టేట్ చేసేటప్పుడు "పీరియడ్", "కామా", "న్యూ పేరాగ్రాఫ్" అని చెప్పి చుక్కలు, కామాలు పెట్టించుకోవచ్చు. ఆ మాటలు అన్ని భాషల్లోనూ పనిచేయవు. నేను వాడినంతవరకు తెలుగులో వాటిని నమ్ముకోలేం. చాలాసార్లు ఫలితం పైన చూసినట్టే, ఒక్క చుక్క లేని ఒకే పేరా.

అందుకే మొదట పదాల జోలికి పోవద్దు. నంబర్, సీజర్ కనిపించినా వదిలేయండి. ముందు ఒక్కో వాక్యం ఎక్కడ అయిపోయిందో చూసి చుక్క పెట్టుకుంటూ వెళ్లండి. కర్సర్‌ని వేలితో సరిగ్గా పెట్టడం కష్టమైతే, స్పేస్ బార్ మీద వేలు పెట్టి ఎడమకీ కుడికీ జరపండి, కర్సర్ అక్షరం అక్షరం కదులుతుంది. ఒక్కో విషయం అయ్యాక ఎంటర్ కొట్టి కొత్త పేరా చేయండి.

ఇది ముందే ఎందుకంటే, చుక్క ఎక్కడ పెడతామన్న దాన్ని బట్టి అర్థమే మారిపోతుంది. మన మెయిల్‌లో ఈ ముక్క చూడండి: "పైపు మార్పించాం మీరు చెప్పినట్టు ఖర్చు మేమే పెట్టుకున్నాం". "మీరు చెప్పినట్టు" అన్నది ముందు మాటకి చెందుతుందా, వెనక మాటకా? ముందు దానికైతే, పైపు మార్చమని ఓనరే చెప్పారు, కాబట్టి ఆ 2,600 ఆయన ఇవ్వాలి. వెనక దానికైతే, ఖర్చు అద్దెవాళ్లే పెట్టుకోవాలని ఓనర్ చెప్పారు, వీళ్లు సరేనన్నారు. రెండిటికీ మధ్య తేడా ఒక్క చుక్క. మాట్లాడేటప్పుడు ఇది గొంతులో తెలిసిపోతుంది, "చెప్పినట్టు" దగ్గర చిన్న ఆగడం ఉంటుంది. ఆ ఆగడం మైకు రాయదు.

ఇలాంటి చోట చుక్క పెట్టి వదిలేయకండి, మాటల వరుస మార్చండి. "మీరు చెప్పినట్టే పైపు మార్పించాం. ఖర్చు రూ.2,600 ముందుగా మేము పెట్టాం." ఇప్పుడు చుక్క పొరపాటున పోయినా అర్థం మారదు. మాట్లాడే తెలుగులో క్రియ తర్వాత ఒక ముక్క వేలాడదీయడం మనందరికీ అలవాటే. "వెళ్లాం నిన్న", "చూశాడు వచ్చి" అంటుంటాం. మాటలో బాగుంటుంది. వాయిస్ మెయిల్‌లో మాత్రం అలా వేలాడే ముక్కల్ని వెతికి క్రియకి ముందుకి జరపాలి.

రెండో రౌండ్: అంకెలు, తేదీలు

ఇప్పుడు చీటీ పక్కన పెట్టుకుని అంకెలు మాత్రమే చూడండి. వాక్యాలు చదవొద్దు. స్క్రీన్ మీద ఒక అంకె కనిపిస్తే చీటీలో దాన్ని టిక్ చేయడం, అంతే.

తెలుగులో వినికిడికి బాగా దగ్గరగా ఉండి కొంప ముంచే జంటలు కొన్ని ఉన్నాయి. పదిహేను, పదిహేడు ఒకటి. ఇరవై, అరవై ఇంకొకటి. మొదటి జంటలో తేడా చివరి అక్షరంలో ఉంది, రెండో జంటలో మొదటి అచ్చులో ఉంది. సరిగ్గా మాట మొదట్లో, చివర్లోనే మన గొంతు తగ్గుతుంది, లేదా మైకు ఇంకా అందుకోదు. మన మెయిల్‌లో ఈ రెండూ దెబ్బతిన్నాయి.

చీటీతో పోలిస్తే జనవరి 15 కాదు, 17. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది. కానీ బిల్లు మీద 17 ఉండి మెయిల్‌లో 15 ఉంటే ఓనర్‌కి అనుమానం వస్తుంది. పైగా 15 అంటే సంక్రాంతి రోజులు, పండగ పూట ప్లంబర్ ఎలా వచ్చాడని అడగొచ్చు.

రెండోది ఇంకా పెద్దది. "20 రోజుల ముందే చెప్పాం" అని ఉంది. బాబాయి చెప్పింది అరవై. అగ్రిమెంట్‌లో రెండు నెలల నోటీసు షరతు ఉంది. 20 రోజులే అని మనమే రాసిస్తే, ఓనర్ అద్దె కోసుకోవడానికి మన మెయిలే సాక్ష్యం అవుతుంది. ఇలాంటి అంకెని చీటీతో పోల్చి ఊరుకోకుండా లెక్క కట్టి కూడా చూడాలి. ఖాళీ చేస్తున్నామని ఓనర్‌కి మెసేజ్ పెట్టింది జనవరి 30న. జనవరిలో మిగిలింది 1 రోజు, ఫిబ్రవరి 28, మార్చి 31. కలిపితే 60. సరిపోయింది. తర్వాత ఆ వాక్యాన్ని "జనవరి 30న, అంటే 60 రోజుల ముందే మీకు చెప్పాం" అని మార్చాం. ఒకే విషయం రెండు రకాలుగా ఉంటే, ఒకటి తప్పు పడినా రెండోది పట్టిస్తుంది.

రూపాయల విషయంలో మైకు ఒకచోట "90 వేలు", ఇంకోచోట "2వేల 600" అని కలగాపులగంగా రాస్తుంది. వాటన్నిటినీ చేత్తో చెరిపి ఒకే తీరులో రాయండి: రూ.90,000, రూ.2,600, రూ.15,000. అంకెల్ని మళ్లీ మైకుతో చెప్పి దిద్దొద్దు. ఒకసారి తప్పు విన్న మాటని అదే గదిలో, అదే గొంతుతో చెప్తే మళ్లీ అదే తప్పు రావచ్చు.

మూడో రౌండ్: వాక్యం చివరి మాట మాత్రమే

ఇది తెలుగుకి ప్రత్యేకంగా పనికొచ్చే పద్ధతి. మన భాషలో ఎవరు చేశారు, చేశారా లేదా, అయిపోయిందా ఇంకా అవ్వాలా అన్నది దాదాపు మొత్తం వాక్యం చివరి పదంలోనే ఉంటుంది. అది కూడా ఆ పదం చివరి అక్షరంలో. ఇచ్చాను, ఇచ్చారు. చెప్పలేదు, చెప్పలేను. కట్టాం, కట్టాలి. సరిగ్గా ఆ అక్షరాన్నే మనం మాట్లాడేటప్పుడు మింగేస్తాం.

మొదటి రౌండ్‌లో చుక్కలు పెట్టేశాం కాబట్టి ఇప్పుడు ఈ పని వేగంగా అవుతుంది. ప్రతి చుక్క ముందున్న పదం మాత్రం చూడండి. చూసి మీలో మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు? అవునా కాదా? అయిందా అవ్వాలా?

మన మెయిల్‌లో ఇలా చూస్తే: చేశాం, సరే. చెప్పాం, సరే. ఉంది, సరే. మార్పించాం, సరే. ఒప్పుకున్నాం... ఆగండి. రంగుల కోసం 15 వేలు కోసుకోవడానికి ఒప్పుకున్నామా? బాబాయి అన్నది "ఒప్పుకోం". మాట చివర గొంతు తగ్గింది, మైకు ఎక్కువ వాడుకలో ఉన్న "ఒప్పుకున్నాం" తీసుకుంది. అటు తర్వాతి వాక్యం "అగ్రిమెంట్‌లో రంగుల మాట లేదు" అని ఉన్నా, పైపైన చదివే కన్ను ఆ వైరుధ్యాన్ని గమనించదు. చివరి పదాల్ని విడిగా చూస్తేనే ఇది దొరికింది. ఇంకో రెండు చుక్కలు దాటాక "కట్టాలి" కూడా ఇలాగే దొరికింది.

ఇక్కడ పదాన్ని ఎలా దిద్దాలన్నది కూడా ముఖ్యం. తెలుగులో ఒక అక్షరం తెర మీద ఒకటిగా కనిపించినా లోపల హల్లు, పొల్లు, ఒత్తు, గుణింతం గుర్తు అని విడివిడిగా ఉంటుంది. బ్యాక్‌స్పేస్ కొడితే సాధారణంగా చివరి గుర్తు ఒక్కటే పోతుంది. "న్నా" మీద ఒకసారి కొడితే దీర్ఘం పోయి "న్న" మిగులుతుంది. ఇంకోసారి కొడితే ఒత్తు పోయి "న్" అని పొల్లు మిగులుతుంది. ఆ పొల్లు పక్కన ఇంకో అక్షరం కొట్టగానే అది దానికి ఒత్తుగా అతుక్కుపోతుంది, కొత్త తప్పు పుడుతుంది. అందుకే అక్షరం అక్షరం కోయొద్దు. పదం మీద రెండుసార్లు ట్యాప్ చేస్తే మొత్తం సెలెక్ట్ అవుతుంది, దాని మీదే కొత్త పదం కొట్టేయండి. "ఒప్పుకోం" లాంటి చోట ఇంకా గట్టిగా రాసుకుంటే మంచిది. "ఒప్పుకోవడం లేదు" అని రాస్తే ఒక్క అక్షరం పోయినంత మాత్రాన అర్థం తిరగబడదు.

నాలుగో రౌండ్: చెవితో చదవడం

ఇప్పుడు నంబర్, సీజర్, ఫీలింగ్ వంతు. వీటిని చివరికి ఉంచడానికి కారణం, ఇవి కంటికంటే చెవికి సులువుగా దొరుకుతాయి. కన్ను ఏం చేస్తుందంటే, మనం ఏమనుకున్నామో దాన్నే చదివేస్తుంది. ఫోన్ పైకి చదివి వినిపిస్తే ఆ అవకాశం ఉండదు. "నంబర్ వచ్చి సీజర్ చూసి" అని వినగానే నవ్వొస్తుంది, తప్పు దొరికిపోతుంది.

ఆండ్రాయిడ్‌లో Settings లో Accessibility, అందులో Select to Speak ఆన్ చేయండి. కొన్ని ఫోన్లలో ఇది ఇంకో మెనూ లోపల ఉంటుంది, సెట్టింగ్స్ సెర్చ్‌లో ఆ పేరు కొడితే వస్తుంది. తర్వాత మెయిల్ తెరిచి, దాని బటన్ నొక్కి, పేరా మీద ట్యాప్ చేస్తే చదువుతుంది. తెలుగు అక్షరాల్ని వదిలేస్తుంటే Text-to-speech సెట్టింగ్స్‌లో తెలుగు వాయిస్ డౌన్‌లోడ్ చేసుకోవాలి. వేగం కాస్త తగ్గించుకుని, స్క్రీన్ చూడకుండా వినండి. చూస్తూ వింటే మళ్లీ కన్నే ముందుకి పరిగెడుతుంది.

ఈ రౌండ్‌కి ఒక హద్దు ఉంది, అది గుర్తుంచుకోండి. చెవి పట్టేది అసందర్భంగా ఉన్న పదాన్ని మాత్రమే. "జనవరి 15" అని విన్నా, "20 రోజుల ముందే" అని విన్నా చెవికి ఏ తేడా తెలియదు, రెండూ సహజంగానే ఉంటాయి. వినిపించుకున్నాం కదా అని రెండో రౌండ్ మానేస్తే అసలు తప్పులే మిగిలిపోతాయి.

ఒకే తప్పు మెయిల్‌లో చాలాచోట్ల ఉంటే, మ్యాటర్‌ని గూగుల్ డాక్స్ యాప్‌లో పేస్ట్ చేసి Find and replace వాడొచ్చు. కానీ Replace all నొక్కే ముందు ఆగండి. మన మెయిల్‌లో నంబర్‌ని ప్లంబర్‌గా ఒకేసారి మార్చేస్తే మొదటి లైన్ "ఫ్లాట్ ప్లంబర్ 302" అయిపోతుంది. మైకు ఎంచుకున్నది నిజమైన పదమే కాబట్టి, అది సరైన చోట కూడా ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఒక్కొక్కటి చూసుకుంటూ Replace నొక్కడమే సేఫ్.

దిద్దాక ఇలా ఉంది

"నమస్తే అండి,

మేము ఫ్లాట్ నంబర్ 302ని మార్చి 31న ఖాళీ చేశాం. జనవరి 30న, అంటే 60 రోజుల ముందే మీకు చెప్పాం. అడ్వాన్స్ రూ.90,000 మీ దగ్గర ఉంది.

జనవరి 17న ప్లంబర్ వచ్చి గీజర్ చూసి, పైపు మార్చాలి అన్నాడు. మీరు చెప్పినట్టే పైపు మార్పించాం. ఖర్చు రూ.2,600 ముందుగా మేము పెట్టాం. బిల్లు ఫోటో పెడుతున్నాను.

హాల్లో సీలింగ్ మీద మరక మా వల్ల వచ్చింది కాదు. పై ఫ్లాట్ నుంచి నీళ్లు కారాయి.

రంగులకు రూ.15,000 పట్టుకుంటామన్నారు. దానికి మేము ఒప్పుకోవడం లేదు. అగ్రిమెంట్‌లో రంగుల మాట లేదు.

మార్చి నెల మెయింటెనెన్స్ కట్టేశాం. రసీదు ఉంది."

మారిన పదాలు కొన్నే. నాలుగు రౌండ్లకీ కలిపి పావుగంట పైచిలుకు పట్టింది. కానీ 2,600 ఖర్చు, 15,000 రంగులు, ఒక నెల మెయింటెనెన్స్, నోటీసు సంగతి, ఈ నాలుగూ మొదటి వెర్షన్‌లో ఓనర్ వైపు ఉన్నాయి. రెండో వెర్షన్‌లో బాబాయి చెప్పింది చెప్పినట్టు ఉంది.

ఇంగ్లిష్ మెయిల్ అయితే, ఐఫోన్ అయితే

ఇంగ్లిష్‌లో డిక్టేట్ చేస్తే చుక్కల బాధ తగ్గుతుంది, పేర్ల బాధ పెరుగుతుంది. మన ఊర్ల పేర్లు, ఇంటిపేర్లు దగ్గరి ఇంగ్లిష్ మాటలుగా మారిపోతాయి. కాదు అని చెప్పే మాటలు అక్కడ వాక్యం మధ్యలో ఉంటాయి కాబట్టి మూడో రౌండ్‌లో చివరి పదం బదులు can, can't లాంటి జంటల్ని వెతకాలి. తరచూ వాడే పేర్లని జీబోర్డ్‌లో Dictionary, Personal dictionary లో చేర్చుకుంటే చేత్తో దిద్దేటప్పుడు కీబోర్డు వాటిని మార్చకుండా ఉంటుంది. మైకు కూడా వాటిని సరిగ్గా వింటుందని మాత్రం అనుకోవద్దు.

ఐఫోన్‌లో డిక్టేషన్‌కి అనుమానంగా ఉన్న పదాల కింద నీలం గీత వస్తుంది, దాని మీద ట్యాప్ చేస్తే వేరే పదాలు చూపిస్తుంది. ఐఓఎస్ 17 నుంచి ఆటోకరెక్ట్ మార్చిన పదం కింద కూడా కాసేపు గీత ఉంటుంది, ట్యాప్ చేస్తే మీరు కొట్టిన పదం వెనక్కి వస్తుంది. ఇవి బాగా ఉపయోగం. కానీ గీత లేదంటే తప్పు లేదని కాదు. గీత వచ్చేది ఫోన్‌కి అనుమానం వచ్చిన చోట మాత్రమే. ధీమాగా తప్పు విన్న చోట గీత ఉండదు.

చివరిగా, అన్నీ అయ్యాక To గడిలో అడ్రస్ పెట్టండి, బిల్లు ఫోటోలు అటాచ్ అయ్యాయో లేదో చూడండి, ఆటోకరెక్ట్ మళ్లీ ఆన్ చేసుకోండి. జీమెయిల్‌లో పంపాక కింద Undo కొన్ని సెకన్లే కనిపిస్తుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్‌కి వెళ్తే, అక్కడి నుంచి పంపే మెయిల్స్‌కి ఈ టైమ్‌ని 5, 10, 20, 30 సెకన్లలో ఏదైనా పెట్టుకోవచ్చు. 30 పెట్టుకున్నా ఆ టైమ్ అటాచ్‌మెంట్ మర్చిపోయామని గుర్తుకు రావడానికి సరిపోతుంది కానీ, "ఒప్పుకున్నాం" అని ఉందని కనిపెట్టడానికి సరిపోదు. అది మూడో రౌండ్‌లోనే దొరకాలి.